సెరులోప్లాస్మిన్ 17, కంట్లో రింగ్ లేదు: విల్సన్ జబ్బు కాదనుకోవచ్చా?

"డాక్టరు గారూ, మా బాబుకి పదమూడేళ్ళు. పోయినేడు ఒకసారి, మళ్ళీ మొన్న ఒకసారి పచ్చకామెర్లు వచ్చాయి. మొదటిసారి పసరు మందు వేయిస్తే తగ్గాయి. ఈసారి టెస్టులు చేయిస్తే లివర్ పరీక్ష ఎస్‌జీపీటీ 138 ఉంది, హెపటైటిస్ వైరస్‌లు ఏవీ లేవన్నారు. సెరులోప్లాస్మిన్ 17 వచ్చింది, 20 పైన ఉండాలట. కళ్ళ డాక్టరు రింగ్ లేదన్నారు, కాబట్టి విల్సన్ కాదులే అన్నారు. నిశ్చింతగా ఉండొచ్చా? ఒకవేళ అదే అయితే మందు ఎన్నాళ్ళు వాడాలి? మాది మేనరికం. పాపకి ఏడేళ్ళు, దానికి ఏ ఇబ్బందీ లేదు."

అమ్మా, ఇంకా నిశ్చింతగా ఉండకండి. మీరు రాసినదాన్ని బట్టి, రాగి లివర్‌లో పేరుకునే ఈ విల్సన్ జబ్బు ఉందని నేను చెప్పలేను. కానీ లేదని చెప్పడానికి ఈ రెండు రిపోర్టులు సరిపోవు.

నన్ను ముందుగా ఆపింది రెండోసారి వచ్చిన కామెర్లు. మన దగ్గర పిల్లలకి కామెర్లంటే ఎక్కువగా హెపటైటిస్ ఏ. అది కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది, పసరు వేసినా వేయకపోయినా. ఒకసారి వచ్చి పోయాక జన్మలో మళ్ళీ రాదు. అలాంటిది ఏడాది తిరక్కుండా మళ్ళీ కామెర్లు వచ్చి, వైరస్ ఏదీ దొరకలేదంటే, లివర్‌లో లోలోపల ఏదో నడుస్తోందనే అనుకోవాలి. ఆ వయసులో వెతకాల్సినవి ముఖ్యంగా రెండు: ఒంట్లోని రోగనిరోధక శక్తే లివర్ మీద పడే ఆటో ఇమ్యూన్ హెపటైటిస్, రెండోది విల్సన్. రెండింటికీ మందులున్నాయి, రెండూ ఆలస్యమైతే లివర్‌ని గట్టిపరిచేస్తాయి. మొదటిదానికి చేసే రక్తపరీక్షలు కూడా ఇదే విడతలో చేయించమనండి.

సెరులోప్లాస్మిన్ అంటే రక్తంలో రాగిని మోసే ప్రోటీన్. అది ఎందుకు తగ్గుతుందో తెలిస్తే ఆ 17ని ఎలా చదవాలో తెలుస్తుంది. మనం తినే తిండిలోని రాగి పేగుల నుంచి నేరుగా లివర్‌కి చేరుతుంది. అక్కడ ఏటీపీ7బీ అనే ప్రోటీన్ రెండు పనులు చేస్తుంది. కొంత రాగిని సెరులోప్లాస్మిన్‌లోకి ఎక్కించి రక్తంలోకి పంపుతుంది, మిగిలినదాన్ని పైత్యరసంలో కలిపి బయటికి తోసేస్తుంది. విల్సన్ జబ్బులో ఆ ప్రోటీన్ తయారుచేసే జన్యువు తల్లి నుంచి వచ్చిందీ, తండ్రి నుంచి వచ్చిందీ రెండూ చెడిపోయి ఉంటాయి. రాగి బయటికి పోలేక లివర్‌లో పేరుకుంటుంది. రాగి ఎక్కని సెరులోప్లాస్మిన్ రక్తంలో ఎక్కువసేపు నిలవదు, విరిగిపోతుంది. అందుకే దాని కొలత తగ్గుతుంది. అంటే అది జబ్బుకి కారణం కాదు, జబ్బు వేసిన నీడ. నీడ పొడవు పొద్దుని బట్టి మారినట్టే ఇదీ వేరే కారణాలతో మారుతుంది.

పైకి మారడం ఎలాగంటే, ఒంట్లో జ్వరం, వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు లివర్ ఈ ప్రోటీన్‌ని ఎక్కువ చేస్తుంది. గర్భంలోనూ, ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు వాడేటప్పుడూ పెరుగుతుంది. మీ బాబుకి కామెర్లు ముదిరి ఉన్న రోజుల్లో తీసిన రక్తంలో 17 వచ్చిందంటే, మామూలు రోజుల్లో ఇంకా తక్కువ ఉండే అవకాశం ఉంది. చాలా ల్యాబుల్లో చేసే పద్ధతి రాగి ఉన్న సెరులోప్లాస్మిన్‌నీ, లేనిదాన్నీ కలిపే లెక్కపెడుతుంది, దానివల్ల కూడా అంకె కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. ఇక కిందికి మారడం: లివర్ బాగా దెబ్బతిని ప్రోటీన్లే తయారుచేయలేనప్పుడు, పోషకాహారం లేనప్పుడు, మూత్రంలో ప్రోటీన్ పోతున్నప్పుడు తగ్గుతుంది. ఒక్క జన్యువు మాత్రమే చెడిన మనుషుల్లో కూడా, వాళ్ళకి జబ్బు లేకపోయినా, కొందరికి 20 కంటే తక్కువే ఉంటుంది. మేనరికంలో ఇది గుర్తుంచుకోవాలి. 10 లోపు ఉంటే అనుమానం బలంగా ఉన్నట్టు. 10కీ 20కీ మధ్య ఉంటే అటో ఇటో చెప్పలేని చోటు. మీ బాబు ఆ చోట ఉన్నాడు.

కంటి సంగతి. రాగి నల్లగుడ్డు పైనుండే పారదర్శకమైన పొర లోపలి అంచున పేరుకుని ముదురు గోధుమ రంగు, ఆకుపచ్చ కలిసిన చారలా కనిపిస్తుంది. కైజర్, ఫ్లైషర్ అనే ఇద్దరు జర్మన్ వైద్యులు 1902లో ఒకరు, 1903లో ఒకరు దీన్ని రాసిపెట్టారు, అందుకే వాళ్ళ పేరే నిలిచింది. ఇది ఒకేసారి గుండ్రంగా రాదు. గడియారంలో 12 ఉండే చోట, పై రెప్ప కింద, సన్నని నెలవంకలా మొదలవుతుంది. తరవాత కింద 6 దగ్గర వస్తుంది. ఆఖరికి రెండూ పక్కలకి పాకి కలుస్తాయి. నీలికళ్ళ వాళ్ళకైతే మామూలు వెలుతురులోనే కనిపించవచ్చు. మనవి నల్లకళ్ళు, గోధుమ కళ్ళు. వెనక రంగు ముదురుగా ఉంటే ముందున్న చార దాంట్లో కలిసిపోతుంది. టార్చి వేసి చూసి లేదంటే అది చూసినట్టు కాదు. గడ్డం ఆనించి కూర్చోబెట్టి స్లిట్ ల్యాంప్ మీద, పై రెప్ప ఎత్తి పట్టుకుని, సన్నని వెలుగు గీతని అంచు మీద వాల్చి చూడాలి. మీ బాబుకి అలా చూశారో లేదో ఆ చీటీ మీద ఉంటుంది, ఒకసారి చూడండి.

అలా చూసినా లేదనే అనుకుందాం. జబ్బు మెదడుదాకా పోయి చేతులు వణకడం, మాట ముద్దగా రావడం మొదలైన వాళ్ళలో దాదాపు అందరికీ రింగ్ ఉంటుంది. లివర్ దగ్గరే ఆగిన వాళ్ళలో సుమారు సగం మందికి ఉండదు. చిన్నపిల్లల్లో లేకపోవడమే ఎక్కువ. రాగి ముందు లివర్ నిండాక పొంగి బయటికొస్తుంది, ఆ తరవాతే కంటికి చేరుతుంది. పదమూడేళ్ళ పిల్లాడి కంట్లో రింగ్ లేదంటే జబ్బు లేదనీ కావచ్చు, ఇంకా అంతదూరం పోలేదనీ కావచ్చు.

కాబట్టి తేల్చేది ఏ ఒక్క పరీక్షా కాదు. అన్నిటికీ మార్కులు వేసి కూడతాం. దీన్ని లైప్‌జిగ్ స్కోరు అంటారు. 4 వచ్చిందంటే విల్సన్ ఖాయం, 3 అయితే ఇంకా వెతకాలి, 2 లేదా అంతకన్నా తక్కువైతే కాకపోవచ్చు. ఇది కాగితం మీద తేలిగ్గానే ఉంటుంది. ఎక్కడ తప్పుతుందో మా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెబితే మీకు అర్థమవుతుంది.

పన్నెండేళ్ళ పిల్ల, 34 కిలోలు. సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు, బడిలో అలసట. వాళ్ళదీ మేనరికమే. ఎస్‌జీపీటీ 120 చుట్టూ తిరుగుతోంది, స్కాన్‌లో లివర్ గరుగ్గా ఉంది. సెరులోప్లాస్మిన్ 18, దానికి ఒక మార్కు. స్లిట్ ల్యాంప్‌లో రింగ్ లేదు, సున్నా. ఇక 24 గంటల మూత్రంలో రాగి. ఆ ల్యాబులో మామూలు హద్దు 50 మైక్రోగ్రాములు. పిల్లకి 62 వచ్చింది. హద్దు దాటింది కానీ రెట్టింపు లేదు కాబట్టి ఒక్క మార్కే. మొత్తం 2. ఈ కాగితం చూసి విల్సన్ కాదని పంపేసేవాళ్ళం. నేను రిపోర్టు అడుగున ఉన్న మూత్రం మొత్తం చూశాను: 380 మిల్లీలీటర్లు. పన్నెండేళ్ళ పిల్ల రోజంతా పోసింది అంతేనా? అమ్మని అడిగితే మెల్లిగా చెప్పింది: ఆ రోజు బడికి పంపాం సార్, అక్కడ పోసింది పట్టలేదు.

మళ్ళీ చేయించాం, ఈసారి ఆదివారం. పొద్దున లేచి పోసిన మొదటి మూత్రం పారబోయాలి, ఆ టైము రాసుకోవాలి. అక్కడి నుంచి మర్నాడు అదే టైముకి పోసేదాకా ప్రతి చుక్కా ల్యాబు ఇచ్చిన డబ్బాలోనే పడాలి, మర్నాడు పొద్దుటిదీ అందులోనే. ఆ డబ్బా లోహాలు అంటకుండా శుభ్రం చేసినదై ఉండాలి. ఇంట్లో ఉన్న సీసాగానీ, చెంబుతో పట్టి పోయడంగానీ పనికిరాదు, రాగి, ఇత్తడి చెంబులు అసలే కూడదు. అదే మూత్రంలో క్రియాటినిన్ కూడా కొలవమంటే మొత్తం పట్టారో లేదో దాన్నిబట్టి తెలిసిపోతుంది. రెండోసారి 1,100 మిల్లీలీటర్లు వచ్చింది, రాగి 148. రెట్టింపు దాటింది కాబట్టి రెండు మార్కులు, మొత్తం 3. ఇంకో పరీక్ష కావాలి. రక్తం గడ్డకట్టే తీరు బాగానే ఉందని చూసుకుని లివర్ బయాప్సీ చేశాం. ఎండిన లివర్ ముక్క గ్రాముకి రాగి 250 మైక్రోగ్రాములు దాటితే అది విల్సన్ స్థాయి, ఈ పిల్లకి 640. దానికి రెండు, మొత్తం 5. తేలిపోయింది. బడికి వెళ్ళిన ఆ ఒక్కరోజు వల్ల జబ్బు దాటిపోయేది.

ఇప్పుడు బయాప్సీ దాకా వెళ్ళకుండానే జన్యుపరీక్షతో చాలామందికి తేలుతోంది. రెండు జన్యువుల్లోనూ లోపం దొరికితే ఆ ఒక్కదానికే 4 మార్కులు. మీ బాబు విషయంలో నేనైతే ముందు మూత్రం సరిగ్గా పట్టిస్తాను, కామెర్లు పూర్తిగా తగ్గాక సెరులోప్లాస్మిన్ మళ్ళీ చేయిస్తాను, స్లిట్ ల్యాంప్‌లో మళ్ళీ చూపిస్తాను, అప్పటికీ 3 దగ్గర ఆగితే జన్యుపరీక్షో బయాప్సీయో అడుగుతాను. ఈలోపు ఒక్కటి గుర్తుంచుకోండి. కామెర్లు మళ్ళీ ముదిరి, పిల్లాడు పాలిపోయి, మూత్రం ఎర్రటి టీ డికాక్షన్‌లా వస్తే, లేదా మగతగా, తికమకగా ఉంటే, ఏ రిపోర్టు కోసమూ ఆగకండి. రాగి ఒక్కసారిగా లివర్ నుంచి రక్తంలోకి చిమ్మి ఎర్ర కణాలని పగలగొడుతున్నప్పుడు అలా అవుతుంది. అప్పుడు లివర్ మార్పిడి చేసే ఆసుపత్రికి అదే రోజు చేరాలి, ఎందుకంటే ఆ దశలో మాత్రలకి రాగిని లాగే టైము ఉండదు.

విల్సనే అని తేలితే మందు సంగతి. రాగిని పట్టుకుని మూత్రంలో బయటికి లాగే మందుల్ని కీలేటర్లు అంటాం. ఎక్కువగా వాడేది డీ-పెన్సిలమైన్. 1956లో వాల్ష్ అనే ఇంగ్లీషు వైద్యుడు దీన్ని ఈ జబ్బుకి మొదలుపెట్టారు, అంతకుముందు నోటి మాత్రతో ఈ జబ్బుని ఆపే దారి లేదు. పేరు దగ్గరగా ఉందని మందుల షాపులో పెన్సిలిన్ ఇచ్చిన సందర్భాలు నేను చూశాను. డబ్బా మీద పేరు అక్షరం అక్షరం చదువుకోండి.

ఆ అమ్మాయికి కిలోకి 20 మిల్లీగ్రాముల లెక్కన రోజుకి 680 కావాలి, క్యాప్సూల్ 250 కాబట్టి 750కి సరిచేశాం. కానీ మొదటిరోజే అంతా వేయలేదు. రోజుకి ఒకటితో మొదలుపెట్టి, వారానికొకటి పెంచుకుంటూ మూడో వారానికి మూడు పూటలా వేశాం. తిండికి గంట ముందు, లేదా తిన్న రెండు గంటల తరవాత వేయాలి. తిండిలో వేస్తే మందు ఒంటికి సరిగా పట్టదు. ఐరన్ మాత్రలు కూడా దీంతో కలిపి వేయకూడదు. ఈ మందు బీ6 విటమిన్‌ని దెబ్బతీస్తుంది కాబట్టి పిరిడాక్సిన్ మాత్ర రోజూ తోడుండాలి. చేతుల వణుకు లాంటివి ముందే ఉన్న పిల్లలకి ఈ మందు మొదట్లో వాటిని ఎక్కువ చేయవచ్చు. అలాంటివాళ్ళకి ఇంకా నెమ్మదిగా పెంచుతాం, లేదా ట్రైఎంటీన్ అనే ఇంకో మందు ఆలోచిస్తాం. మీ బాబు చేతిరాత ఈమధ్య పాడైందా, నోట్లోంచి చొంగ కారుతోందా, చదువులో వెనకబడ్డాడా అన్నది డాక్టరుకి తప్పక చెప్పండి. ఇవి అడిగేదాకా చాలామంది చెప్పరు.

మొదటి మూడు వారాల్లో జ్వరం, ఒంటిమీద దద్దుర్లు, మెడలో బిళ్ళలు వస్తే మందు ఆపి వెంటనే చూపించాలి. రక్తకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోవడం, మూత్రంలో ప్రోటీన్ పోవడం పైకి కనిపించవు, అందుకే మొదట్లో తరచుగా రక్తం, మూత్రం చూస్తాం, తరవాత కూడా మానం. సుమారు ముగ్గురిలో ఒకరికి ఏదో ఒక ఇబ్బంది వల్ల ఈ మందు మార్చాల్సి వస్తుంది. మారిస్తే సరిపోతుంది, కానీ మార్పు డాక్టరు చేతిలోనే జరగాలి.

మందు పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది? మొదట్లో మూత్రంలో రాగి తగ్గదు, విపరీతంగా పెరుగుతుంది. ఆ పిల్లకి మొదటి నెలలో 1,400 వచ్చింది, వాళ్ళ నాన్న ఆ కాగితం పట్టుకుని భయంతో పరుగెత్తుకొచ్చాడు. అది లివర్‌లో పేరుకున్న రాగి కదిలి వస్తోందనడానికి గుర్తు. ఏడాది తిరిగేసరికి 380కి దిగింది. మందు వాడుతున్న మనిషికి 200 నుంచి 500 మధ్య ఉండాలి. ఎస్‌జీపీటీ మామూలు స్థాయికి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఇంటర్‌కి హాస్టల్లో చేరాక ఆ అమ్మాయి మందు మానేసింది. బాగానే ఉన్నాను కదా అనుకుంది, పైగా పరగడుపున మూడుసార్లు ఎవరికీ కనపడకుండా వేసుకోవడం కష్టమైంది. మా దగ్గర మాత్రం వేసుకుంటున్నానంది. మూత్రంలో రాగి 90 వచ్చింది. 200 కంటే తగ్గిందంటే రెండు అర్థాలు: మందు ఎక్కువై ఒంట్లో రాగి అడుగంటిందనైనా కావాలి, లేదా మందే వేయట్లేదనైనా కావాలి. వేరుచేయడానికి ఒక చిన్న లెక్క ఉంది. రక్తంలో మొత్తం రాగి 82, సెరులోప్లాస్మిన్ 14. ప్రతి మిల్లీగ్రాము సెరులోప్లాస్మిన్ సుమారు 3.15 మైక్రోగ్రాముల రాగిని మోస్తుంది. అంటే 44 దాంట్లో ఉంది, మిగిలిన 38 ఏ ప్రోటీన్‌కీ కట్టుబడకుండా తిరుగుతోంది. అది 15 దాటకూడదు. మందు ఎక్కువైన మనిషికైతే 5 కంటే తక్కువ ఉంటుంది. ఎస్‌జీపీటీ అప్పటికే 190. ఆ లెక్క కాగితం మీద వేసి పక్కన పెట్టాను, పిల్ల ఏడ్చేసింది. అయిదు నెలలు మానేసిందట. ఆపినవాళ్ళలో కొందరికి నెలల్లోనే లివర్ చేతులెత్తేస్తుంది, అప్పుడు మళ్ళీ అదే మందు మొదలుపెట్టినా పనిచేయకపోవచ్చు. ఈ పిల్ల ఆ అంచు దాకా పోకముందే దొరికింది. మళ్ళీ ఒక్క క్యాప్సూల్ నుంచే మొదలుపెట్టి పెంచాం, ఎందుకంటే ఆపి మొదలుపెట్టినప్పుడు దద్దుర్లు, జ్వరం కొత్తగా రావచ్చు.

మీరు అడిగిన ఎన్నాళ్ళు అన్నదానికి జవాబు అదే, అమ్మా: జీవితాంతం. కొన్నేళ్ళకి రాగి బాగా తగ్గాక డోసు తగ్గించవచ్చు, కొందరిని జింక్ మీదికి మార్చవచ్చు. పూర్తిగా ఆపడం మాత్రం ఉండదు. పెళ్ళయి గర్భం వచ్చినా ఆపకూడదు, డోసు సరిచూస్తాం.

తిండిలో మొదటి ఏడాది మేక లివర్, రొయ్యలు, పీతలు, పుట్టగొడుగులు, చాక్లెట్, జీడిపప్పు, నువ్వులు ఆపమంటాం. రాగి బిందెలో రాత్రి నీళ్ళు పోసి పొద్దున తాగే అలవాటు మీ ఇంట్లో ఉంటే ఇవాళే మానేయండి, ఆ నీళ్ళు వీళ్ళకి నేరుగా రాగి పోసినట్టే. కానీ ఆ బిందె వల్ల జబ్బు వచ్చిందని ఎవరూ ఎవరినీ నిందించుకోకండి. వెనకటి రోజుల్లో ఇత్తడి గిన్నెల్లో కాచి నిలవుంచిన పాలు తాగి పసిపిల్లలకి లివర్ గట్టిపడిపోయిన జబ్బు వేరు, ఇది వేరు. విల్సన్ మీ ఇద్దరి నుంచీ చెరొక జన్యువు రావడం వల్ల వస్తుంది. తిండి ఎంత కట్టుదిట్టం చేసినా మందు లేకుండా అది ఆగదు.

బాబుకి విల్సనే అని తేలితే పాప సంగతి వెంటనే చూడాలి. తోడబుట్టినవాళ్ళకి ఈ జబ్బు ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. ఏ ఇబ్బందీ లేకపోవడం ఇక్కడ లెక్కలోకి రాదు. ఆ అమ్మాయి తమ్ముడు ఎనిమిదేళ్ళవాడు, బడిలో కబడ్డీ ఆడేవాడు. వాడి సెరులోప్లాస్మిన్ 6, ఎస్‌జీపీటీ 72, అక్కకి దొరికిన జన్యులోపాలే వాడికీ దొరికాయి. లక్షణాలు మొదలవకముందే పట్టుకున్నాం కాబట్టి జింక్‌తోనే మొదలుపెట్టాం. జింక్ రాగిని బయటికి లాగదు, పేగు గోడలోనే పట్టి ఉంచి ఒంట్లోకి పోనివ్వదు. ఆ గోడ కణాలు రాలిపోయేటప్పుడు రాగి కూడా మలంలో పోతుంది. వాడి వయసుకి మూడుపూటలా 25 మిల్లీగ్రాముల చొప్పున, తిండికి దూరంగా. ఇక్కడ లేబుల్ చూడాలి: 220 మిల్లీగ్రాముల జింక్ సల్ఫేట్ అని రాసి ఉంటే అందులో అసలు జింక్ 50 మాత్రమే. ఇద్దరి మందులూ ఒకే ఇంట్లో ఉన్నప్పుడు కలగలిపి వేయకూడదు, ఒకటి ఇంకోదాన్ని పట్టేసుకుంటుంది. వాడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు, లివర్ శుభ్రంగా ఉంది.

కాబట్టి బాబుకి మూత్రం పట్టేది ఈ వచ్చే ఆదివారం పెట్టుకోండి. డబ్బా శనివారమే ల్యాబు నుంచి తెచ్చుకుని, పొద్దున మొదటిసారి పోసిన టైము మూత మీద రాసి ఉంచండి. పాపకి రక్తం ఇప్పుడే తీయించనక్కర్లేదు, బాబుది తేలగానే తీయిద్దాం.